టౌన్‌హాల్‌లో పది నిమిషాలు: బుల్లీయింగ్ మీద కంపెనీ పెద్ద ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను హెచ్ఆర్ చూస్తాను. మేం 240 మందిమి, అందులో మూడో వంతు మన తెలుగువాళ్ళే. మా ఎండీ గారిదీ గుంటూరు వైపే. ఒకరోజు పిలిచి, "వచ్చే టౌన్‌హాల్‌లో బుల్లీయింగ్ మీద మాట్లాడదామనుకుంటున్నానమ్మా. జీరో టాలరెన్స్ అని గట్టిగా చెప్పాలి. రెండు పేజీలు రాసిపెట్టు" అన్నారు. ఆ రెండు పేజీలకు ఆరు వారాలు పట్టింది. రాయడానికి పట్టింది రెండు రోజులే. మిగతా కాలమంతా, స్పీచ్‌లో చూపించబోయే ఫిర్యాదు దారి నిజంగా ఉందా లేదా అని వెతకడానికే పోయింది. మీ కంపెనీలో ఈ పని మీ మీద పడితే ఏ వరసలో చేయాలో, మేం ఎక్కడెక్కడ తడబడ్డామో రాస్తున్నాను.

1. ముందు మీరే ఒక ఫిర్యాదు పంపి చూడండి

స్పీచ్ మొదలుపెట్టకముందు చేయాల్సిన పని ఇది. మాకు అప్పటికే హెల్ప్‌డెస్క్‌లో "హెచ్ఆర్ గ్రీవెన్స్" అని ఒక ఆప్షన్ ఉండేది. ఎండీ గారు స్టేజి మీద దాన్నే చూపిద్దామనుకున్నారు. ఎందుకైనా మంచిదని ఫైనాన్స్‌లో ఒకమ్మాయిని అడిగి, ఆమె లాగిన్ నుంచి ఒక ఉత్తుత్తి ఫిర్యాదు పంపించాను: "మా లీడ్ అందరి ముందూ కేకలేస్తున్నారు. ఇది టెస్ట్ మాత్రమే." రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది. చేసింది వాళ్ళ మేనేజరే. "ఏంటమ్మా, నా మీద ఏదో టికెట్ పెట్టావట?"

ఆ టూల్‌లో లాప్‌టాప్ అడిగినా, సెలవు అడిగినా రిపోర్టింగ్ మేనేజర్‌కు అప్రూవల్ కోసం కాపీ వెళ్తుంది. గ్రీవెన్స్ టికెట్ కూడా అదే దారిన పోయింది. ఎవరూ కావాలని అలా పెట్టలేదు, ఎవరూ చూసుకోలేదు, అంతే. ఆ మేనేజర్‌కు సంగతి చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. నిజంగా బాధపడుతున్న మనిషి అదే బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

తర్వాత హెచ్ఆర్ కామన్ మెయిల్ పెట్టె చూశాం. దాన్ని ఏడుగురు తెరవగలరు. అందులో ఇద్దరు ఏనాడో రిక్రూట్‌మెంట్‌కు మారిపోయినవాళ్ళు. గూగుల్ ఫారం సంగతీ ఇంతే. పైన "పేరు చెప్పక్కర్లేదు" అని రాసి, సెట్టింగ్స్‌లో `Collect email addresses` దగ్గర `Verified` పెట్టి ఉంటే, ఫారం నింపినవాళ్ళ మెయిల్ ఐడీ నేరుగా షీట్‌లోకి వచ్చి పడుతుంది. దాన్ని `Do not collect` కు మార్చినా, కంపెనీ లాగిన్‌తోనే తెరుచుకునేలా ఉంటే జనం నమ్మరు. వాళ్ళను తప్పుపట్టలేం.

కాబట్టి ప్రతి దారిలోనూ ఒక టెస్ట్ ఫిర్యాదు పంపి, ఎవరెవరి స్క్రీన్ మీద కనిపించిందో కాగితం మీద రాసుకోండి. స్పీచ్‌లో చెప్పబోయే పేర్ల కంటే ఎక్కువ పేర్లు ఆ కాగితం మీద ఉంటే టౌన్‌హాల్ తేదీ వెనక్కి జరపండి.

2. దారి అంటే మనుషులు

మేం చివరికి ఇద్దరు మనుషులను, బయట ఒకరిని పెట్టుకున్నాం. లోపలి ఇద్దరిలో ఒకరు హెచ్ఆర్, రెండోవారు సపోర్ట్ టీంలో పదేళ్ళుగా ఉన్న ఒక సీనియర్ మేడం. ఆమెను మేం ఎంచలేదు. జూనియర్లలో ఓ ఇరవై మందిని విడివిడిగా "నీకు కష్టమొస్తే ఇక్కడ ఎవరి దగ్గరికెళ్తావు?" అని అడిగితే ఎక్కువ మంది ఆమె పేరే చెప్పారు. బయటి మనిషి ఉద్యోగ తగాదాలు చూసే ఒక లాయరు. నెలకు ఇంత అని ఫీజు, ఆయనకు విడిగా ఒక నంబరు.

బయటి మనిషి ఎందుకంటే, అసలు చిక్కు ప్రశ్న అక్కడే ఉంది. నేను ఎండీ గారినే అడిగాను. "సార్, ఫిర్యాదు మీ మీదే వస్తే?"

ఆయన నవ్వారు. "నా మీద ఎవరు చేస్తారమ్మా?"

"అదే సార్. చేయడానికి చోటు లేదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన మీద గానీ హెచ్ఆర్ హెడ్ మీద గానీ వచ్చేవి లాయరు దగ్గర నుంచి నేరుగా బోర్డులో ఉన్న ఇండిపెండెంట్ డైరెక్టర్‌కు వెళ్ళాలని, మధ్యలో తనకు కాపీ రాకూడదని రాసి సంతకం పెట్టారు. స్పీచ్‌లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఈ ఒక్క వాక్యమే.

ఒక సంగతి కలగాపులగం కాకుండా చూసుకోండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు చట్టం విడిగా దారి వేసింది. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. యజమాని మీదే ఫిర్యాదైతే అది జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి వెళ్తుంది. అలాంటి ఫిర్యాదు మీ బుల్లీయింగ్ పెట్టెలో పడితే "మేమే మాట్లాడి సర్దుతాం" అనకూడదు. ఆ మనిషికి కమిటీ సంగతి చెప్పి అటు చేర్చాలి.

మామూలు బుల్లీయింగ్‌కు మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కులం పేరుతో దూషిస్తే, బెదిరిస్తే, చెయ్యి చేసుకుంటే వేరే చట్టాలు వస్తాయి గానీ, అందరి ముందూ రోజూ తీసిపారేసి మాట్లాడటాన్ని పట్టుకునేది మీ కంపెనీ పాలసీ కాగితమే. అందుకే పాలసీ రాసి అందరికీ పంపాకే స్పీచ్. కాగితం మీద లేని తప్పుకు చర్య తీసుకుంటే అవతలి మనిషి లాయరు మొదట అడిగేది ఆ కాగితమే.

3. బుల్లీయింగ్ అంటే ఏంటో మన మాటల్లో చెప్పించండి

తెలుగులో "వేధింపులు" అనగానే జనానికి పేపర్లో వచ్చే వరకట్నం కేసో, లైంగిక వేధింపో గుర్తొస్తుంది. "మా ఆఫీసులో అలాంటివి లేవు" అని అక్కడితో వినడం ఆపేస్తారు. అందుకే బుల్లీయింగ్ అనే మాటనే ఉంచి, కళ్ళకు కట్టేలా చెప్పించాం. స్టేజి మీద ఆయన మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే, కానీ ముందు తెలుగులో చెప్పించి రాసుకున్నాను. ఆయన ఆలోచించేది తెలుగులో కాబట్టి, అలా వచ్చిన వాక్యాలే ఆయన నోట సహజంగా పలికాయి. ఆ భాగం ఇది:

"డెడ్‌లైన్ అడగడం బుల్లీయింగ్ కాదు. కోడ్‌లో తప్పు చూపించడం బుల్లీయింగ్ కాదు. అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ ఇచ్చి, ఎందుకో కారణం రాయడం కూడా కాదు. అదే తప్పును పదిమంది ఉన్న కాల్‌లో స్క్రీన్ మీద పెట్టి నవ్వించడం బుల్లీయింగ్. మీటింగ్ ఇన్వైట్‌లోంచి ఒకరి పేరు పదే పదే తీసేయడం, రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో బెదిరించడం, భాషను బట్టి పేరు పెట్టి పిలవడం, ఇవన్నీ బుల్లీయింగ్. 'సరదాకన్నాను' అనేది ఇక్కడ జవాబు కాదు."

భాషను బట్టి అనే మాట ఊరికే పెట్టలేదు. బెంగళూరు ఆఫీసుల్లో మనల్ని "గుల్టీ" అనడం ఎంత మామూలో ఇక్కడ పనిచేసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. అయితే రెండో వైపు కూడా చూడాలి. మా దగ్గర ఒక తెలుగు లీడ్ ఉండేవారు. మిగతా భాషలవాళ్ళతో చక్కగా "ప్లీజ్" అంటూ మాట్లాడతారు. తెలుగు కుర్రాళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఏరా, బుర్ర ఉందా?" ఆయన దృష్టిలో అది చనువు, మనవాడే కదా అని. పైగా ఆ కుర్రాళ్ళలో ఇద్దరికి రిఫరల్ ఇచ్చి ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఉద్యోగం ఇప్పించిన మనిషి మీద ఫిర్యాదు చేయడానికి నోరెలా వస్తుంది? అందుకే ఎండీ గారి నోట ఇంకో వాక్యం చెప్పించాం: "మీకు రిఫరల్ ఇచ్చినంత మాత్రాన మిమ్మల్ని 'ఒరేయ్' అనే హక్కు ఎవరికీ రాదు." ఆ వాక్యానికి వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

మొదటి డ్రాఫ్ట్‌లో నేనొక తప్పు చేశాను. ఉదాహరణగా "తలుపు తీసిపెట్టి ఫోన్‌లో అరిచే మేనేజర్" అని రాశాను. 240 మందిలో అలా అరిచేది ఒక్కరే. ఆ మాట స్టేజి మీద పడి ఉంటే అందరి తలలూ ఒకేసారి ఆయన వైపు తిరిగేవి, బుల్లీయింగ్ వద్దని చెప్పే స్పీచే ఆయన్ను నలుగురిలో నిలబెట్టినట్టయ్యేది. ఉదాహరణలు రాశాక ఆఫీసు తెలిసిన మనిషికి చదివి వినిపించి, "ఎవరైనా గుర్తొచ్చారా?" అని అడగండి. ఒకరి పేరే వెంటనే వస్తే ఆ ఉదాహరణ మార్చేయండి.

4. జీరో టాలరెన్స్ అనే మాటను అక్కడికక్కడే విప్పి చెప్పాలి

పెద్దలకు ఈ మాట మీద మోజు ఎక్కువ. కానీ వినే ఉద్యోగికి అది "ఫిర్యాదు చేస్తే అవతలివాడి ఉద్యోగం ఊడుతుంది" అని వినిపిస్తుంది. చాలామందికి కావలసింది అది కాదు. ఆ మనిషి అలా మాట్లాడటం ఆపితే చాలు. "పాపం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉంది, నా వల్ల పోతుందా" అని వెనక్కి తగ్గుతారు. పెద్ద శిక్ష ఒక్కటే ఉందనిపిస్తే చిన్నగా ఉన్నప్పుడే చెప్పడం ఎవరూ చేయరు. ముదిరాక రాజీనామాతో పాటు చెబుతారు.

అందుకే ఇలా రాశాం: "జీరో టాలరెన్స్ అంటే చూసీ చూడనట్టు వదిలేసేది సున్నా అని. ప్రతి ఫిర్యాదునూ వింటాం. అవతలి వారి మాట కూడా వింటాం. ఆ తర్వాత జరిగినదాన్ని బట్టి మందలింపు కావచ్చు, రాతపూర్వక హెచ్చరిక కావచ్చు, టీం మార్పు కావచ్చు, ఉద్యోగం పోవడమూ కావచ్చు. ఎంత బిజినెస్ తెచ్చేవారైనా, ఏ క్లయింట్‌కు ఎంత ఇష్టమైనా లెక్క మారదు."

చివరి వాక్యం దగ్గర ఎండీ గారు ఆగిపోయారు. మా పెద్ద అకౌంట్ నడిపే మనిషి ఆయనకు గుర్తొచ్చాడని నాకు తెలుసు. "ఇది తీసేద్దామా?" అన్నారు. పాటించలేనిదైతే తీసేయడమే మంచిదన్నాను. రెండు రోజులు ఆలోచించి ఉంచేశారు. మీ దగ్గర ఉంచలేని పరిస్థితి ఉంటే నిజంగానే తీసేయండి. చెప్పి తప్పడం కంటే చెప్పకపోవడం నయం.

5. దారి చెప్పే నిమిషం: పేర్లు, రోజులు, హద్దులు

ఈ భాగం నెమ్మదిగా, స్లైడ్ మీద ఇద్దరి ఫోటోలు పెట్టి చెప్పాలి. వాళ్ళిద్దరూ లేచి నిలబడాలి. "తగిన యంత్రాంగం ఏర్పాటు చేశాం" లాంటి మాటలు అస్సలొద్దు. మేం చెప్పించింది ఇది:

"ఈ ఇద్దరిలో ఎవరితోనైనా మాట్లాడండి. నోటితో చెప్పినా చాలు, రాసివ్వక్కర్లేదు. లోపలివాళ్ళతో వద్దనుకుంటే ఈ బయటి నంబరుకు ఫోన్ చేయండి. రెండు పనిదినాల్లో మీకు తిరిగి ఫోన్ వస్తుంది. ఐదు పనిదినాల్లో కూర్చుని మాట్లాడతారు. ముప్పై రోజుల్లో ఏం తేలిందో మీకు చెబుతారు. ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో కూడా చెబుతారు."

తర్వాత హద్దులు. "మీ పేరు ఎవరికీ తెలియదు" అని మాట ఇవ్వకండి. ఆరుగురున్న టీంలో మంగళవారం కాల్‌లో జరిగిన సంగతి అడిగితే, ఎవరు చెప్పారో అవతలివారు ఊహించగలరు. మేం ఇలా అన్నాం: "విచారణకు అవసరమైన వారికి తప్ప మీ పేరు చెప్పం. చెప్పాల్సి వస్తే ముందు మిమ్మల్ని అడుగుతాం. పేరు లేకుండా రాసినా చదువుతాం. కానీ మిమ్మల్ని తిరిగి అడిగే వీలుండదు కాబట్టి చేయగలిగింది తక్కువ." ఒక మినహాయింపు కూడా దాచకుండా చెప్పాం: ఎవరి ప్రాణానికైనా ముప్పుందని తెలిస్తే అడగకుండానే కదులుతాం.

మా సీనియర్లలో ఒకరు "తప్పుడు ఫిర్యాదు చేస్తే కఠిన చర్య అని కూడా పెట్టండి" అని పట్టుబట్టారు. వద్దన్నాను. ఆ ఒక్క వాక్యం చాలు, ముందు చెప్పిందంతా తుడిచిపెట్టుకుపోవడానికి. 2013 చట్టం కూడా దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుపై చర్యకు వీలిస్తూనే, రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆ మనిషిపై చర్య ఉండదని స్పష్టంగా చెప్పింది. మేం ఆ తేడానే పాలసీలో రాసి, స్పీచ్‌లో "రుజువు కాకపోతే మీకేమీ కాదు" అని మాత్రం చెప్పాం.

6. కక్ష సాధింపుకు దాని పేర్లు పెట్టండి

"కక్ష సాధింపును సహించం" అంటే ఎవరి గుండెకూ తగలదు. ఉద్యోగి భయపడేది ఏవేవో విడివిడి వాటికి. ఏప్రిల్ రేటింగ్. ఆన్‌సైట్ ఛాన్స్. సంక్రాంతికి ఊరెళ్ళే సెలవు అప్రూవల్. ఉన్నట్టుండి పీఐపీ. అన్నిటికంటే ముఖ్యంగా, వెళ్ళిపోయేటప్పుడు రిలీవింగ్ లెటర్, తర్వాతి కంపెనీ నుంచి వచ్చే వెరిఫికేషన్ ఫోన్. వాటినే పేరుపేరునా చెప్పండి:

"ఫిర్యాదు చేసిన వారి రేటింగ్, సెలవులు, ప్రాజెక్ట్ మార్పు, రిలీవింగ్ లెటర్, ఏడాది పాటు ఆ మేనేజర్ ఒక్కరి చేతిలో ఉండవు. ఇంకొకరు కూడా చూసి సంతకం పెట్టాలి."

ఇది చెప్పే ముందు ఏడాది పొడవునా చూసే ఆ ఇంకొకరు ఎవరో తేల్చుకోండి. మా దగ్గర ఆ పని సపోర్ట్ మేడం తీసుకున్నారు. ఫిర్యాదు చేసిన వారికి 30, 90, 180 రోజులకు ఆమె నుంచి ఫోన్ వెళ్తుంది. అడిగేది ఒక్కటే: "అప్పటి నుంచి నీ పనిలో ఏమైనా మారిందా?"

కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళను మర్చిపోకండి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు. మా స్పీచ్‌లో దారి చెప్పే భాగాన్ని ఒక కొలీగ్ కన్నడలో కూడా చదివారు.

7. చెప్పే రోజు

మేనేజర్లకు ఒక రోజు ముందు చెప్పండి. అంతకంటే ముందు వద్దు, అందరితో పాటే వినిపించడమూ వద్దు. మొదటిదైతే ఊహాగానాలు, రెండోదైతే తమ మీద ఉచ్చు పన్నారన్న కోపం. శుక్రవారం సాయంత్రం అసలే వద్దు. విన్నవాళ్ళకు మాట్లాడబుద్ధేస్తే మర్నాడు ఆఫీసులో మనుషులుండాలి. మేం మంగళవారం ఉదయం పదకొండు గంటలు పెట్టుకున్నాం. పది నిమిషాల స్పీచ్, ఇరవై నిమిషాల ప్రశ్నలు.

ఎండీ గారు మొదలుపెట్టింది నేను రాసినదానితో కాదు. "నాలుగేళ్ళ కిందట రిలీజ్ ఆగిపోయినప్పుడు ఈ హాల్లోనే నేనొకరి మీద అరిచాను. ఆయన ఇప్పుడిక్కడ లేరు. ఆయనకు ఫోన్ చేసి సారీ చెప్పాను" అన్నారు. ఇలాంటిది రాసిస్తే రాదు, నిజంగా ఉంటేనే చెప్పాలి. పెద్దాయన దగ్గర అలాంటి సంగతి లేకపోతే కల్పించొద్దు. ఉండి, అవతలి మనిషితో ముందు మాట్లాడకపోయినా వద్దు.

ప్రశ్నల్లో ఒకటి తప్పక వస్తుంది: "ఇంతకుముందు చేసిన ఫిర్యాదుల సంగతేంటి?" దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మాకు పాతవి మూడు దొరికాయి, మూడూ ఏమీ తేల్చకుండా వదిలేసినవే. "తెరుస్తాం, ఆ ముగ్గురికీ నిన్ననే ఫోన్ చేశాం" అని ఆయన చెప్పగలిగారంటే, నిజంగానే నిన్న చేశాం కాబట్టి.

8. తర్వాత మూడు నెలలు

మర్నాడు స్పీచ్ పాఠం, పేర్లు, నంబర్లు మెయిల్‌లో పంపండి. అవే పేర్లు ప్యాంట్రీలో కాఫీ మెషీన్ పక్కన, వాష్‌రూం తలుపు లోపలి వైపు అంటించండి. నంబరు రాసుకుంటూ నలుగురి కంట పడక్కర్లేని చోటు అదే.

మూడో నెల టౌన్‌హాల్‌లో లెక్క చెప్పాలి. మాకు ఐదు వచ్చాయి. మూడు కూర్చోబెట్టి మాట్లాడటంతో తీరాయి, ఒకదాంట్లో రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి టీం మార్చాం, ఒకటి రుజువు కాలేదు. పేర్లు, టీంలు, తేదీలు ఏవీ చెప్పలేదు. మీది చిన్న కంపెనీ అయి ఒకటో రెండో వస్తే ఇలా విడగొట్టి చెప్పకండి, అందరికీ తెలిసిపోతుంది. "వచ్చినవన్నీ గడువులోపు ముగించాం" అంటే చాలు. ఒక్కటీ రాకపోతే సంబరపడకుండా పైన చెప్పిన మొదటి పనికి వెళ్ళి మళ్ళీ టెస్ట్ ఫిర్యాదు పంపండి.

మేం ఇంకో పరీక్ష కూడా చేశాం. మూడో నెలలో దారిన కనిపించిన తొమ్మిది మందిని ఆపి, "బుల్లీయింగ్ జరిగితే ఎవరికి చెప్పాలి?" అని అడిగాను. ఆరుగురు పేర్లతో సహా చెప్పారు. ముగ్గురు తెల్లమొహం వేశారు. ఆ ముగ్గురూ నైట్ షిఫ్ట్ వాళ్ళే. మేం ఎంచి ఎంచి పెట్టుకున్న మంగళవారం పదకొండు గంటలకు వాళ్ళు ఇళ్ళలో నిద్రపోతున్నారు. ఆ వారమే ఎండీ గారు రాత్రి తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి, ముప్పై మంది ముందు నిలబడి అదే స్పీచ్ మొదటి నుంచి మళ్ళీ ఇచ్చారు.